ఆ 21.2 ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: సార్, నేను బీఫార్మసీ మూడో సంవత్సరం. ఎలుక ఇలియంపై ఎసిటైల్‌కోలిన్ త్రీ పాయింట్ బయోఅస్సేను మాకు కంప్యూటర్‌లోనే చేయించారు. స్టాండర్డ్ మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు. దాని 0.2, 0.4 మి.లీ. డోసులకు సగటు ఎత్తులు 32, 56 మి.మీ. టెస్ట్ 0.3 మి.లీ.కు 44 మి.మీ. జవాబు 21.2 అని రాస్తే వైవాలో ‘ఇది సాధ్యమేనా?’ అన్నారు, నోరు పెగల్లేదు. ఎంఫార్మసీలో ఫార్మకాలజీ తీసుకుందామనుకుంటున్నాను. రికార్డు ఎలా రాయాలి, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

జవాబు: సాధ్యం కాదు. అది తెలుసుకోవడానికి సూత్రం కూడా అక్కర్లేదు. 0.2 మి.లీ. స్టాండర్డ్‌లో ఉన్న మందు 2 మైక్రోగ్రాములు, 0.4లో 4. మీ టెస్ట్ ఎత్తు ఆ రెండింటి మధ్యలో ఉంది కాబట్టి 0.3 మి.లీ. టెస్ట్‌లో 2కు పైన, 4కు లోపు మందే ఉండాలి. మిల్లీలీటరుకు 21.2 అయితే 0.3లో 6 మైక్రోగ్రాములు దాటాలి. అప్పుడు టెస్ట్ గీత 56ను మించిపోయి ఉండేది. మీరు 0.2ను 0.3తో భాగించాల్సింది పోయి 0.3ను 0.2తో భాగించారు. సరైన లెక్క ఇది:

```
10 × (0.2 ÷ 0.3) × antilog[ (44−32)/(56−32) × log(0.4/0.2) ]
= 10 × 0.667 × antilog(0.1505)
= 9.4 µg/ml
```

44 సరిగ్గా 32, 56ల మధ్యలో ఉన్నా టెస్ట్‌లోని మందు 3 మైక్రోగ్రాములు కాదు, 2.83. స్పందన డోసుతో కాక డోసు లాగరిథంతో సరళరేఖలో పెరుగుతుంది కాబట్టి లాగ్ స్కేలు మీదే మధ్యబిందువు తీసుకోవాలి. అదీ కర్వ్ మధ్య భాగంలోనే, అంటే గరిష్ఠ స్పందనలో సుమారు 20 నుంచి 80 శాతం లోపల. పెద్ద డోసు ఎత్తు గరిష్ఠానికి ఆనుకుని ఉంటే ఈ లెక్కకు ఆధారం ఉండదు. అందుకే ముందుగా డోస్ రెస్పాన్స్ కర్వ్ గీసి, రెండు డోసులనూ దాని మీద నుంచి ఎంచుకుంటారు. మీ రికార్డులో ఆ కర్వ్ ఉండాలి.

ఇక కంప్యూటర్ చూపని సంగతి ఒకటి. నిజమైన ఆర్గాన్ బాత్‌లో రెండు మూడు సెంటీమీటర్ల ఇలియం ముక్క 37 డిగ్రీల టైరోడ్ ద్రావణంలో, గాలి బుడగల మధ్య, అర గ్రాము నుంచి ఒక గ్రాము బరువుకు సాగి ఉంటుంది. అరగంట కుదురుకోనిచ్చి, 30 సెకన్లు బేస్‌లైన్, 30 సెకన్లు మందు, తర్వాత కడగడం. ఇలా ఐదు నిమిషాల చక్రం. గంటలు గడిచేకొద్దీ కణజాలం మారుతుంది, అదే డోసుకు గీత పొట్టిదవుతుంది. అందుకే మొదటి రౌండులో చిన్న డోసు, పెద్ద డోసు, టెస్ట్ ఇస్తే రెండో రౌండు పెద్ద డోసుతో, మూడోది టెస్ట్‌తో మొదలుపెడతారు. అలసట ఒక్క డోసు మీదే పడకుండా మూడింటికీ పంచడానికే ఈ ఏర్పాటు.

ఇప్పుడు మీ 32 సంగతి చూద్దాం. చిన్న డోసుకు మూడు ఎత్తులు 31, 33, 32 వచ్చినా సగటు 32. 38, 32, 26 వచ్చినా సగటు 32. రెండో రకంలో కణజాలం కిందికి జారుతోంది, ఆ ఫలితాన్ని నేనైతే నమ్మను. సగటు ఒక్కటే రాస్తే ఈ తేడా కనబడదు. కాబట్టి రికార్డులో తొమ్మిది ఎత్తులూ ఇచ్చిన వరసలోనే రాయండి, సగటు ఆ తర్వాత. గీతల కింద డోసు, బాత్ పరిమాణం తప్పనిసరి. 25 మి.లీ. బాత్‌లో 2 మైక్రోగ్రాములంటే కణజాలానికి అందే గాఢత మిల్లీలీటరుకు 80 నానోగ్రాములు. సిరంజిలోని గాఢత, బాత్‌లోని గాఢత ఒకటే అన్నట్టు రాసినవాళ్లను చాలామందిని చూశాను. ఉష్ణోగ్రత, ద్రావణం, మందు ఉంచిన సమయం ఒక వాక్యంలో సరిపోతాయి. పరికరం బొమ్మకు అరపేజీ వద్దు.

ఫలితం ఇలా రాయొచ్చు: ‘తెలియని ద్రావణంలో ఎసిటైల్‌కోలిన్ గాఢత మిల్లీలీటరుకు 9.4 మైక్రోగ్రాములని అంచనా. టెస్ట్‌ను ఒకే డోసులో ఇచ్చినందున రెండు కర్వ్‌లు సమాంతరమో కాదో ఈ పద్ధతిలో పరీక్షించలేదు.’ ఆ పరీక్షకు టెస్ట్‌కూ రెండు డోసులిచ్చే ఫోర్ పాయింట్ పద్ధతి కావాలి. ఇలియం ముడుచుకున్నంత మాత్రాన అది ఎసిటైల్‌కోలినే అనీ అనలేం. ఆట్రోపిన్ ఇస్తే ఆ ముడత అణిగిందంటే మస్కరినిక్ గ్రాహకాల ద్వారా పనిచేసే మందని తెలుస్తుంది, అంతవరకే.

ఇంటర్వ్యూలో ‘సాఫ్ట్‌వేర్‌లో చేశాను’ అని సూటిగా చెప్పండి, రికార్డులోనూ అలాగే రాయండి. ఫార్మసీ కౌన్సిల్ సిలబస్‌లోనే జంతు ప్రయోగాలను సాఫ్ట్‌వేర్, వీడియోలతో చూపించాలని ఉంది, కాబట్టి దాచాల్సిన పని లేదు. ‘ఆర్గాన్ బాత్ మీద పనిచేశాను’ అన్నారో, తర్వాతి ప్రశ్న ‘దారం ఎలా కట్టారు?’ అని వస్తుంది. పేగు రంధ్రం మూసుకుపోకుండా ఒక పక్క గోడకే కట్టాలి. చేత్తో కట్టనివారు సాధారణంగా అక్కడే దొరికిపోతారు. దానికి బదులు ఈ 21.2 కథే చెప్పండి: ఎలా తప్పారో, సూత్రం చూడకుండానే ఆ తప్పు ఎలా పట్టుకోవచ్చో.