'సరదాకే అన్నా బ్రో' ఎక్కడ చెల్లుతుంది?

"గేమ్ చాట్‌లో అందరూ ఒకళ్లనొకళ్లు నూబ్, బాట్ అనుకుంటూనే ఉంటారు. మరి కొందరికే బ్యాన్ ఎందుకు పడుతుంది? సరదా ఏదో వేధింపు ఏదో మోడరేటర్లు ఎలా తేలుస్తారు?"

ఒక షూటర్ గేమ్ ఆడేవాళ్ల సర్వర్‌లో రెండేళ్లు మోడరేటర్‌గా చేశాను. మొదట్లో నేనూ నిషేధిత పదాల లిస్టు పెట్టుకుని కూర్చున్నాను. `noob` ఆపితే మర్నాటికి `n00b` వచ్చేసింది.

అసలు ఈ మాటల్లో చాలావరకు ఆటను వెక్కిరించేవే. 'నూబ్' అంటే ఆట రాని కొత్తవాడివని. 'బాట్' అంటే మనిషిలా కాదు, కంప్యూటర్ నడిపే బొమ్మలా ఆడుతున్నావని. 'స్కిల్ ఇష్యూ' అంటే నెట్ మీద నెపం వేయకు, నీకే ఆడటం రాదని. ఆట అయ్యాక ఓడినవాళ్లకైనా గెలిచినవాళ్లకైనా `gg`, అంటే 'గుడ్ గేమ్' అనడం మర్యాద, దానికి `ez`, అంటే 'ఈజీ' అని తగిలిస్తే పుండు మీద కారం. ఓవర్‌వాచ్‌లో `gg ez` అని కొడితే గేమే దాన్ని తీసేసి, కొట్టినవాడే నవ్వులపాలయ్యే వాక్యం ఏదో చూపిస్తుంది. బ్యాన్ కన్నా ఇదే మంచి శిక్ష అని నా అభిప్రాయం.

ఒకరోజు రాత్రి నాకు రెండు రిపోర్టులు వచ్చాయి. రెండింట్లోనూ మాట ఒకటే: "బాట్‌వి, గేమ్ డిలీట్ చేసుకో."

మొదటిదాంట్లో అవతలివాడు "ముందు నీ స్కోర్ చూసుకో" అన్నాడు. తర్వాతి రౌండ్‌లో అతన్ని లేపేసి "ఇప్పుడెవరు బాట్?" అని అడిగాడు. మ్యాచ్ అయ్యాక ఇద్దరూ కలిసి ఇంకో ఆటకు వెళ్లారు. రిపోర్ట్ కొట్టింది పక్కన చూస్తున్న మూడోవాడు. మూసేశాను.

రెండోదాంట్లో ఆ మాట పడింది ఒక అమ్మాయి. ఆమె "సరేలే" అని ఊరుకుంది. అన్నవాడు ఊరుకోలేదు, వరసగా 11 మెసేజ్‌లు పెట్టాడు. ఐదో మెసేజ్‌కి ఆట సంగతి పోయి ఆమె గొంతు మీద మాటలు మొదలయ్యాయి. ఆమె మ్యూట్ చేస్తే ప్రైవేట్ మెసేజ్‌లోకి వెళ్లాడు. 7 రోజులు సస్పెండ్ చేశాను. "సరదాకే అన్నా బ్రో" అని అప్పీల్ పెట్టుకున్నాడు. సరదా అయితే మ్యూట్ చేసిన మనిషి వెంట పడాల్సిన పనేముంది?

అందుకే నేను మాట కన్నా దాని తర్వాత ఏం జరిగిందో చూస్తాను. అవతలివాళ్లు తిరిగి అంటున్నారా, మౌనమైపోయారా? వెక్కిరింత ఆట మీదే ఉందా, మనిషి మీదికి మళ్లిందా? స్క్రీన్‌షాట్‌ను మాత్రం నమ్మను. తాము అన్నవి కత్తిరించి పంపేవాళ్లు బోలెడుమంది, కాబట్టి పైనా కిందా మొత్తం లాగ్ చదవాల్సిందే. బెదిరింపు, 'చచ్చిపో' అనడం, మతాన్నో ఒంటిరంగునో తిట్టడం వస్తే మాత్రం ఇవేవీ చూడను, వెంటనే బ్యాన్.

వాయిస్ చాట్ దగ్గరే నా చేతులు కట్టేసినట్టు ఉండేది. మా సర్వర్‌లో రికార్డింగ్ లేదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే తర్వాతి మ్యాచ్‌లో నేనే చేరి, మైక్ ఆపుకుని వినేవాణ్ని. నా పేరు కనబడగానే అందరూ బుద్ధిమంతులైపోయేవాళ్లు.