ఫోటోలోని ఊరు విజయవాడ అని ఎంత నమ్మకంగా చెప్పాలి?

ఫోటోలో ఏపీ 16 నంబరు బండి, బట్టల షాపు బోర్డు మీద 0866 ఫోన్ నంబరు ఉన్నాయనుకుందాం. అందరూ మొదట బండినే పట్టుకుంటారు, కానీ అది బలహీనమైన ఆధారం. ఏపీ 16 కృష్ణా జిల్లా పాత కోడ్, పైగా బండి గుంటూరులోనూ ఆగొచ్చు. ఏపీ 39 అయితే రాష్ట్రమంతటికీ ఒకే కోడ్ కాబట్టి ఆంధ్ర అని మాత్రమే తెలుస్తుంది.

0866 విజయవాడ ఎస్టీడీ కోడ్, బోర్డు కదలదు కాబట్టి ఈ ఆధారానికి బలం ఎక్కువ. అయితే అది షాపు గుమ్మం మీద బోర్డా, ప్రకటన హోర్డింగా చూడండి. విజయవాడ షాపు హోర్డింగ్ గుంటూరులోనూ పెడతారు. ఒకే షాపువి రెండు బోర్డులున్నా ఆధారం ఒక్కటే.

గుమ్మం బోర్డే అయితే ఇలా రాయండి: "ఆంధ్రప్రదేశ్ దాదాపు ఖాయం. విజయవాడ ప్రాంతం, నా అంచనాలో పదికి ఎనిమిది వంతులు. వీధి తెలియదు. పక్క షాపుల మీద 0863 కనిపిస్తే గుంటూరు వైపు మారతాను."