నగల ఫోటోగ్రఫీ కోర్సు: మెరిసే శాంపిల్ చూసి ఫీజు కట్టేయొద్దు

"సార్, మా బాబు డిగ్రీ అయిపోయింది, నగల కేటలాగ్ ఫోటోగ్రఫీ నేర్చుకుంటానంటున్నాడు. ఒక చోట స్టూడియోలో లైటింగ్ నేర్పుతారు, ఇంకో చోట రీటచింగే ఫ్యూచర్ అంటున్నారు. ఇద్దరూ పచ్చ రాయి, చుట్టూ డైమండ్లు ఉన్న బంగారు ఉంగరం ఫోటోలు పంపారు. రెండోది ధగధగా మెరుస్తోంది, అందులో చేర్పించమంటారా? అసలు ఇందులో బతుకు ఉంటుందా?"

బతుకు ఉంటుందమ్మా, వస్తువు ఉన్నదున్నట్టు చూపించగలిగితే. మీరు పంపిన రెండు ఫోటోలూ ఫోన్లో కాదు, కంప్యూటర్లో వంద శాతం జూమ్ చేసి పక్కపక్కన పెట్టి చూడండి.

పాలిష్ బంగారం అంటే అద్దమే, చుట్టూ ఏముంటే అదే కనిపిస్తుంది. మొదటి ఫోటోలో ఉంగరం మీద తెలుపు మెల్లగా బూడిద రంగులోకి దిగి అంచు దగ్గర సన్నటి నల్ల గీత ఉంది చూశారా, అది లైటుని మెత్తబరిచే తెల్లటి డిఫ్యూజర్ పక్కన నల్ల అట్ట పెడితేనే వస్తుంది, దాని వల్లే గుండ్రం తెలుస్తుంది. రెండోదాంట్లో నలుపే లేదు, ప్లాస్టిక్‌లా ఉంది. డైమండ్లకి మాత్రం మెత్తటి లైటు పనికిరాదు, చిన్న గట్టి లైటు ఉంటేనే పలకలు కొన్ని వెలిగి కొన్ని చీకటిగా కనిపిస్తాయి, అందుకే చాలామంది లోహం ఒక షాట్, రాళ్లు ఇంకో షాట్ తీసి కలుపుతారు. రెండోదాంట్లో అన్నీ తెల్ల మచ్చలే, పైన అతికించిన నక్షత్రాలు.

ఇక షార్ప్‌నెస్. ఇంత దగ్గర నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండేది చాలా సన్నటి పొర, లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి f/22 పెడితే ఫోటో మొత్తం మెత్తబడుతుంది, అందుకే f/8, f/11లో ఫోకస్ జరుపుకుంటూ పదుల ఫ్రేములు తీసి కలపాలి. మొదటి ఫోటోలో రాయిని పట్టి ఉంచే ముందు ప్రాంగ్ చుట్టూ నీడలాంటి మసక ఉంది, అది కలిపేటప్పుడు వచ్చిన లోపం, సరిచేసుకోవచ్చు. రెండోదాంట్లో అంచుల వెంట తెల్ల గీత ఉంది కానీ పచ్చ మీద పలకల గీతలే లేవు, అంటే షార్ప్‌నెస్ స్లైడర్ లాగేశారు. ఫోటోలో లేని వివరం స్లైడర్ ఎక్కడి నుంచి తెస్తుంది? రీటచింగ్ నేర్చుకోవాల్సిందే, కాదనను, కానీ దాంతోనే మొదలుపెట్టే కోర్సులంటే నాకు నమ్మకం లేదు.

రంగు విషయంలో తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌ని నమ్మకండి, అది ఉంగరాన్ని కత్తిరించి వెనక తర్వాత పెట్టేది. రెండో ఉంగరం 18 క్యారెట్లని కిందే రాసుంది, పసుపు పెంచేసి 22లా చూపించారు. కొన్నావిడ డబ్బా తెరిచి వేరే రంగు చూస్తే నగ వెనక్కి వస్తుంది, ఆ నగల షాపు వాళ్లు స్టూడియోకి మళ్లీ రారు. పచ్చ రాయి అసలు రంగు ఏ ఫోటోలో ఉందో మాత్రం స్క్రీన్ చూసి నేనూ చెప్పలేను, రాయి పక్కన ఉండాలి.

మీ మీద నాకు కోపం ఎక్కడంటేనమ్మా, ధగధగ చూసి మీరే తేల్చేశారు, మీ బాబు తీసినవి ఒక్కటైనా ఇలా జూమ్ చేసి చూశారా? వాడినే కూర్చోబెట్టి ఈ తేడాలు అడగండి, సగం పట్టుకున్నా కన్ను ఉన్నట్టే, మీకు భయం అక్కర్లేదు. రెండో చోట రంగు సరిచూసుకునే గ్రే కార్డు పెట్టి తీసిన ఫ్రేమూ, ఎడిట్ చెయ్యని ఒరిజినలూ అడగండి, ఇవ్వకపోతే ఫీజు కట్టకండి.