పదేళ్ల వాడికి ఆరేళ్ల బడ్డీ: ఒప్పుకోవాలా, వద్దనాలా?

"మా అబ్బాయికి పదేళ్లు. ఈ దేశం వచ్చి రెండు నెలలైంది. బడి అయ్యాక మేం ఆఫీసు నుంచి వచ్చేదాకా క్లబ్బులో ఉంటాడు. అక్కడ వాడికి ఆరేళ్ల పిల్లాణ్ణి బడ్డీగా, అంటే కలిసి చదవడానికి, ఆడుకోవడానికి జంటగా ఇచ్చారట. మావాడికే ఇంగ్లీష్ సరిగ్గా రాదు, ఇంకొకడికి ఏం నేర్పుతాడు? పైగా ఇది ఆయా పనిలా ఉంది. మర్యాదగా వద్దని చెప్పేయమంటారా?"

కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు నన్ను ఈ మాట ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉంటారు. నా జవాబు ఒకటే. ఇప్పుడే వద్దనకండి, ఆరు వారాలు చూడండి. ఏం చూడాలో మాత్రం తెలిసి చూడండి.

ముందు ఇంగ్లీష్ సంగతి. మీవాడికి భాష సరిగ్గా రాదు కాబట్టే ఈ ఏర్పాటు వాడికి పనికొస్తుంది. కొత్త భాషలోకి వచ్చిన పిల్లల్లో కొందరు కొన్ని నెలలపాటు నోరు విప్పరు. వింటారు, అర్థం చేసుకుంటారు, మాట్లాడరు. ఈడువాళ్ల ముందు తప్పు మాట్లాడితే పరువు పోతుందన్న భయం పదేళ్లకు బాగా ఉంటుంది. ఆ వయసులో వాడి చేతికి రెండు వాక్యాల బొమ్మల పుస్తకం ఇచ్చి చదవమంటే సిగ్గుతో ముడుచుకుపోతాడు. అదే పుస్తకాన్ని చిన్నవాడితో కలిసి చదవమంటే అది పెద్దవాడి బాధ్యత అవుతుంది. ఒకే పుస్తకం మూడుసార్లు చదివినా ఎవరూ వింతగా చూడరు, ఎందుకంటే చిన్నవాడే మళ్లీ మళ్లీ అడుగుతాడు. వాడికి కావలసిన అభ్యాసం నామోషీ లేకుండా దొరుకుతుంది.

అయితే జంట కట్టినంత మాత్రాన ఇదంతా జరిగిపోదు. మా అమ్మాయి విషయంలో రెండుసార్లు దారి తప్పింది. రెండోది నా వల్లే.

మేం వచ్చినప్పుడు దానికి తొమ్మిదేళ్లు. క్లబ్బులో ఆరేళ్ల బాబుతో జంట కట్టారు. మొదటి రోజు కాగితంతో చేప ముఖం మాస్కు చేయాలి. మా అమ్మాయి తనే కత్తిరించింది, తనే జిగురు పూసింది, వెనకాల వాడి పేరు కూడా తనే రాసింది. గదిలో అన్నిటికన్నా అందమైన మాస్కు అదే. నేను మురిసిపోతూ నిలబడితే, క్లబ్ చూసే ఆవిడ నన్ను పక్కకు పిలిచి బల్ల కింద చూపించింది. బాబు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అంతసేపూ అలాగే ఉన్నాడట.

మర్నాడు ఆవిడ ఒక నియమం పెట్టింది. కత్తెర, పెన్సిల్, జిగురు చిన్నవాడి చేతిలోనే ఉండాలి. పెద్దవాళ్లు కాగితం కదలకుండా పట్టుకోవచ్చు, నోటితో చెప్పవచ్చు, అంతే. అప్పుడు మా అమ్మాయికి మాట్లాడక తప్పలేదు. "ఇక్కడ తిప్పు", "మెల్లగా", "ఇంకొంచెం" లాంటి మాటలు ఇంగ్లీషులో వెతుక్కోవలసి వచ్చింది. మాస్కు వంకరగా వచ్చింది కానీ ఇద్దరూ మాట్లాడుకున్నారు. మీరు పిల్లాణ్ణి తీసుకురావడానికి వెళ్లినప్పుడు చూడవలసింది ఇదే. పని మీద ఎవరి చేతులున్నాయి, చిన్నవాడి నోరు కదులుతోందా? చిన్నవాడు చేసిన బొమ్మ మరీ నీట్‌గా ఉంటే అనుమానించండి.

రెండో తప్పు చదివే దగ్గర జరిగింది. "వాడు తప్పు చదివితే దిద్దు, టీచర్‌లా ఉండు" అని ఇంట్లో నూరిపోశాను. అది ప్రతి మాటకూ ఆపింది. నాలుగో రోజు వాడు పుస్తకం మూసేసి బల్ల కిందికి దూరాడు. మళ్లీ బడ్డీ వద్దన్నాడు.

ఆ తర్వాత క్లబ్బువాళ్లు పెద్దపిల్లలందరినీ విడిగా కూర్చోబెట్టి జంటగా చదివే పద్ధతి చూపించారు. నాకది ఇంట్లో కూడా ఉపయోగపడింది కాబట్టి వివరంగా చెబుతాను. ఇద్దరూ ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుంటారు. పుస్తకం ఎంచుకునేదీ, పేజీ తిప్పేదీ చిన్నవాడే. మొదట ఇద్దరూ ఒకేసారి పైకి చదువుతారు, పెద్దవాళ్లు తమ వేగాన్ని చిన్నవాడి వేగానికి తగ్గించుకోవాలి. సొంతంగా చదవగలననిపించినప్పుడు చిన్నవాడు బల్ల మీద ఒకసారి తడతాడు. పెద్దవాళ్లు వెంటనే ఆగి వింటారు. ఎక్కడైనా తడబడితే మనసులో నాలుగు దాకా లెక్కపెట్టి ఊరుకోవాలి. ఈలోగా తనే దిద్దుకుంటే సరే. లేకపోతే ఆ మాట చెప్పాలి, వాడు తిరిగి అనాలి, మళ్లీ ఇద్దరూ కలిసి చదవాలి, వాడు ఇంకోసారి తట్టేదాకా. అక్షరాలు కూడబలుక్కోమని సతాయించడం, "ఇంత చిన్న మాట రాదా" అనడం ఉండకూడదు.

ఈ పద్ధతిలో కష్టమంతా ఆ నాలుగు అంకెలు లెక్కపెట్టడంలోనే ఉంది. మా అమ్మాయి బల్ల కింద వేళ్లు మడుస్తూ లెక్కపెట్టేది. మూడో వేలు మడిచేసరికి వాడే సరిగ్గా చదివిన రోజు ఇంటికొచ్చి నాకు చేతులు ఊపుతూ చెప్పింది. కలిసి చదివేటప్పుడు దాని గొంతు వాడి గొంతులో కలిసిపోతుంది కాబట్టి దాని ఉచ్చారణ తప్పులు ఎవరికీ వినపడవు. మాట్లాడ్డానికి భయపడే పిల్లకు అంతకన్నా ఏం కావాలి?

ఇక ఆయా పని సంగతి. మీ భయం అర్థం లేనిది కాదు. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు, ఒక పుస్తకం లేదా ఆట చేతిలో ఉండి, పెద్దవాళ్లెవరో కనిపించేంత దూరంలో ఉంటే అది బడ్డీ పని. రోజూ క్లబ్ టైమంతా చిన్నవాణ్ణి మీవాడికి అంటగట్టినా, టాయిలెట్‌కు తీసుకెళ్లమన్నా, కొట్లాట ఆపమన్నా, చిన్నవాడు పడిపోతే మీవాణ్ణి అడిగినా అది సిబ్బంది చేయవలసిన పని. అక్కడ మాత్రం మొహమాటపడకండి. "ఈ జంట ఎంతసేపు? ఎవరు చూస్తుంటారు? ఇద్దరికీ కుదరకపోతే ఎవరికి చెప్పాలి?" అని అడగండి. సరిగ్గా నడిపే క్లబ్ ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెబుతుంది. బడ్డీ ఉన్న రోజునే మీవాడికి కడుపునొప్పి వస్తోందంటే ఆరు వారాల దాకా ఆగనక్కర్లేదు, జంట మార్చమనండి.

ఇంకో మాట. మీకు చిన్నపిల్లలుండి, తెలుగు మాట్లాడే పెద్దపిల్లను బడ్డీగా ఇస్తామంటే సంతోషంగా ఒప్పుకోండి, కానీ మొదటి రెండు వారాలకే. బెంగ పోవడానికి అది మంచిదే. ఆ తర్వాత పెద్దపిల్ల దుబాసీ అయిపోతుంది. క్లబ్బువాళ్లు ఏం చెప్పాలన్నా ఆ పిల్లకే చెబుతారు, మీ పాప తెలుగులో విని ఊరుకుంటుంది. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను ఒక జంటగా వేయడం కూడా నాకిష్టం లేదు, ఇంటి పోట్లాటలన్నీ అక్కడికి వచ్చేస్తాయి.

మీ అబ్బాయి ఈసారి బడ్డీతో చదివి వచ్చాక "ఏం నేర్పావు?" అని అడగకండి. "వాడు ఏ పేజీలో బల్ల తట్టాడు?" అని అడిగి చూడండి. పేజీ చెప్పాడంటే పద్ధతి నడుస్తోంది. తట్టడమేమిటని మీవైపు చూశాడంటే క్లబ్బువాళ్లతో మాట్లాడి, పెద్దపిల్లలకు ఇది ఒకసారి చూపించమని అడగండి.