నీట్‌కు ముందురోజు: పెదనాన్న లేఖ

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

ఆదివారం నీ నీట్ పరీక్ష. లెక్చరరుగా ఉన్నన్నాళ్లూ ప్రవేశ పరీక్షలకు ఇన్విజిలేటరుగా కూర్చున్నవాణ్ణి కనుక, శనివారం నువ్వు ఏమేమి చూసుకోవాలో రాస్తున్నాను. పాఠాల సంగతి నీకే వదిలేస్తున్నాను.

అన్నిటికంటే ముందు అడ్మిట్ కార్డు తీసి, అందులోని పేరును ఆధార్‌లోని పేరుతో అక్షరం అక్షరం పోల్చి చూడు. మన తెలుగువాళ్లకు ఈ చిక్కు ఎక్కువ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది, కొందరికి అది పేరు ముందు కాక వెనుక చేరుతుంది. ఇంతమాత్రం తేడాకు కంగారు పడనక్కరలేదు కానీ, ఫొటో ఉన్న ఇంటర్ హాల్ టికెట్టును కూడా వెంట ఉంచుకుంటే అడిగినవారికి చూపించవచ్చు. గుర్తింపు పత్రం అసలుదే కావాలి. జిరాక్సు కాపీనీ, ఫోనులో తీసిన ఫొటోనూ ఒప్పుకోరు.

అడ్మిట్ కార్డు పేజీలన్నీ ప్రింటు తీయించు. మొదటి పేజీలోని స్వీయ ప్రకటన దగ్గర దరఖాస్తులో పెట్టిన పాస్‌పోర్టు సైజు ఫొటోనే అతికించాలి, ఎడమ బొటనవేలి ముద్ర వేయాలి. సిరా ఎక్కువై ముద్ర నల్లటి మచ్చలా మారితే అందులో గీతలు కనిపించవు, కాబట్టి ముందు చిత్తుకాగితం మీద ఒకటి రెండుసార్లు వేసి చూసుకో. తెల్లటి వెనుకభాగంతో నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు ఉన్న పోస్టుకార్డు సైజు ఫొటోను దాని కోసం ఇచ్చిన పేజీలో అతికించాలి. హాజరు పట్టీ కోసం మరో పాస్‌పోర్టు సైజు ఫొటోను విడిగా పెట్టుకో. అభ్యర్థి సంతకం మాత్రం ఇంట్లో చేయకు, దాన్ని హాలులో ఇన్విజిలేటరు ఎదుటే చేయాలి. మీ నాన్న సంతకం చేయవలసిన చోటు ఉంటే అదీ శనివారమే చేయించు. ఇవన్నీ శనివారం సాయంత్రంలోగా ఎందుకు ముగించాలంటే, ఆదివారం పొద్దున తెనాలిలో ఫొటో స్టూడియో, జిరాక్సు షాపు తెరిచి ఉంటాయని నమ్మడానికి లేదు.

ప్రయాణం లెక్కను వెనక నుంచి వేసుకోవాలి. పరీక్ష మధ్యాహ్నం రెండు గంటలకే అయినా గేటు ఒంటిగంటన్నరకు మూస్తారు, ఆ తర్వాత ఎవరు బతిమాలినా తెరవరు. నీ కార్డు మీద హాజరు సమయం పదకొండున్నర అని ఉందనుకుందాం. తెనాలి నుంచి గుంటూరుకు బస్సులో గంట, బస్టాండు నుంచి కేంద్రానికి ఆటోలో అరగంట, వీధి మొగలో జనం వల్ల ఆటో ఆగిపోతే నడకకు పది నిమిషాలు. దీనికి ఇంకో అరగంట కలిపితే తొమ్మిదీ ఇరవై దాటాక ఇంట్లో ఉండకూడదు. ఆ చివరి అరగంట దండగ అని మీ నాన్న అంటాడు, వినకు. వీలైతే శనివారమే ఒకసారి వెళ్లి గేటు చూసి రండి. ఒకే పేరుతో ఊళ్లో రెండు మూడు శాఖలున్న విద్యాసంస్థలు చాలా ఉన్నాయి కాబట్టి, పేరు ఒక్కటే కాక వీధినీ, పిన్‌కోడునూ కూడా సరిచూడండి.

కేంద్రంలోకి అడ్మిట్ కార్డు, గుర్తింపు పత్రం, ఫొటోలు, పారదర్శకమైన నీళ్ల సీసా తప్ప మరేమీ తీసుకువెళ్లనవసరం లేదు. బాల్‌పెన్ను వాళ్లే ఇస్తారు. ఫోను, చేతి గడియారం, పర్సు, బెల్టు లోపలికి రానివ్వరు, వాటిని దాచిపెట్టే ఏర్పాటు కూడా అక్కడ ఉండదు. పొట్టి చేతుల చుడీదారు, మడమ ఎత్తులేని చెప్పులు వేసుకో, బూట్లు వద్దు. కమ్మలు, గాజులు శనివారం రాత్రే తీసేయి. చాలాకాలంగా తీయని ముక్కుపుడక అయితే సబ్బునీళ్లు పెట్టినా వెంటనే ఊడి రాదు, గేటు దగ్గర దాన్ని పట్టుకుని ఏడ్చిన పిల్లలను చూశాను. అమ్మమ్మ కట్టిన రాగి తాయెత్తుకైనా మెటల్ డిటెక్టరు కూయక మానదు. దాన్ని ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి వెళ్తే ఆమె ఏమీ అనుకోదు, నేను చెబుతాను.

లోపలికి వెళ్లాక అయిదు గంటల వరకు బయటికి రానివ్వరు. పరీక్ష మొదటి గంటలోనూ, చివరి అరగంటలోనూ బాత్రూముకు కూడా పంపరు కనుక లోపలికి వెళ్లకముందే తేలికగా తినేసి, నీళ్లు కొద్దికొద్దిగా తాగు. ఓఎంఆర్ షీట్లు ఇన్విజిలేటరుకు అప్పగించి, వాళ్లు లెక్క చూసుకున్నాకే కదలాలి. నీ చేతిలో ఫోను ఉండదు కాబట్టి, బయట మీ నాన్న ఏ కొట్టు ముందు నిలబడతాడో లోపలికి వెళ్లేముందే అనుకోండి.

మీ పెదనాన్న