ఐదుసార్లు చదివినా మాక్ టెస్టులో ఎందుకు గుర్తు రాలేదు?

ప్రశ్న: సార్, మాది చంద్రగిరి. తిరుపతిలో హాస్టల్‌లో ఉండి నీట్ లాంగ్ టర్మ్ చదువుతున్నాను. మొన్నటి గ్రాండ్ టెస్టులో 720కి 268 వచ్చాయి. బయాలజీ ఎన్‌సీఈఆర్‌టీ ఐదుసార్లు పూర్తి చేశాను. చదివేటప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది, పేపర్ ముందుకొస్తే ఏదీ గుర్తు రాదు. నాన్న ఇంకో టెస్ట్ సిరీస్ కొనిస్తాను, రోజుకో మాక్ రాయి అంటున్నారు. నాకు జ్ఞాపకశక్తే తక్కువేమో అని భయంగా ఉంది. పరీక్షకి పది వారాలే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా,

నీ ప్రశ్నపత్రం, ఓఎంఆర్ కాపీ రెండూ ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. 84 ఒప్పు, 68 తప్పు, 28 వదిలేశావు. మీ నాన్నగారు చూసింది 268 ఒక్కటే. నేను చూడాల్సింది ఆ 68. నిన్న ఫోన్‌లో ఒక్కో తప్పు గురించి ‘ఇది ఎందుకు పోయింది’ అని అడిగాను కదా, నువ్వు చెప్పిన జవాబులన్నీ పక్కపక్కనే రాసుకున్నాను. 16 ప్రశ్నలకు ‘ఆ చాప్టర్ నాకసలు అర్థం కాలేదు’ అన్నావు. 9 ప్రశ్నల్లో ‘సరికానిది ఏది’ అని అడిగితే సరైనది పెట్టి వచ్చావు. 12 చోట్ల ఫార్ములా తెలుసు, కానీ ఆ లెక్కకు కావాల్సింది అది కాదు. మిగిలిన 31 ప్రశ్నలకూ నువ్వు చెప్పింది ఒకే మాట: ‘చదివాను సార్, ఏ పేజీలో ఏ మూల ఉందో కూడా తెలుసు, జవాబే రాలేదు.’

పేజీలో ఏ మూల ఉందో గుర్తున్న పిల్లకు జ్ఞాపకశక్తి తక్కువ అని ఎవరంటారమ్మా? నీ బుర్రలోకి విషయం వెళ్లింది. దాన్ని బయటికి తీయడం నువ్వు ఎప్పుడూ సాధన చేయలేదు, అంతే. ఐదుసార్లూ పుస్తకం తెరిచి ఉంచే చదివావు. అలా చదివినప్పుడు రెండోసారికే వాక్యాలు పరిచయంగా అనిపిస్తాయి, మూడోసారికి కళ్లు జారిపోతుంటాయి. ఆ పరిచయాన్నే మనం ‘వచ్చేసింది’ అనుకుంటాం. పరీక్షలో మాత్రం పుస్తకం ఉండదు. ఒకదానికొకటి దగ్గరగా ఉండే నాలుగు ఆప్షన్లు ఉంటాయి, నాలుగూ పరిచయంగానే కనిపిస్తాయి.

నీ పేపర్లోంచే ఒకటి తీసుకుందాం. శ్వాసక్రియ చాప్టర్లో వాయువుల పార్షియల్ ప్రెషర్ల పట్టిక ఉంది కదా, నువ్వు దాన్ని పసుపు, ఆకుపచ్చ రెండు రంగుల్లోనూ దిద్దావు. ప్రశ్నలో ఆక్సిజన్ ఉన్న రక్తంలో pO₂ ఎంత అని అడిగితే 104 పెట్టావు. 104 అన్నది ఆల్వియోలైలో విలువ. రక్తంలో 95. రెండు అంకెలూ నీకు తెలుసు, ఏది ఎక్కడిదో విడిపోలేదు. ఆరోసారి చదివినా విడిపోదు.

ఇప్పుడు పుస్తకం మూసి, ఒక తెల్లకాగితం మీద ఐదు గడులు గీయి: బయటి గాలి, ఆల్వియోలై, ఆక్సిజన్ లేని రక్తం, ఆక్సిజన్ ఉన్న రక్తం, కణజాలం. pO₂ విలువలు గుర్తున్నంతవరకూ నింపు. ఆగిపోయిన చోట వెంటనే పుస్తకం తెరవకు, ఒక నిమిషం అవస్థపడు. రాకపోతే ఆ గడి ఖాళీగా వదిలి ముందుకెళ్లు. తర్వాత పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దు: 159, 104, 40, 95, 40. ఆ కింద pCO₂ వరుస: 0.3, 40, 45, 40, 45. తప్పు పోయిన గడి దగ్గర ‘ఎందుకు’ అని ఒక వాక్యం రాయి. ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తంలో కొద్దిగా ఆక్సిజన్ తక్కువ రక్తం కలుస్తుంది కాబట్టి 104 కాస్తా 95కి దిగింది. కార్బన్ డయాక్సైడ్‌కి 45కీ 40కీ మధ్య ఐదే తేడా ఉన్నా పని జరిగిపోతోంది, ఎందుకంటే అది ఆక్సిజన్ కంటే 20 నుంచి 25 రెట్లు ఎక్కువగా కరుగుతుంది. కారణం తోడైతే అంకె జారిపోదు.

మర్నాడు మళ్లీ తెల్లకాగితం. మూడు రోజుల తర్వాత ఇంకోసారి, వారం తర్వాత మరోసారి. నాలుగోసారికి ఈ పట్టికకు నీకు రెండు నిమిషాలు కూడా పట్టదు. చాప్టర్ మొత్తం ఇలాగే సాగాలి. ఒక సెక్షన్ చదువు, మూసేయి, గుర్తున్నది రాయి, దిద్దు. మొదట్లో రోజుకి ఒక చాప్టరే కదులుతుంది. ఇదివరకు మూడు చాప్టర్లు తిరగేసేదాన్ని కదా, వెనకబడిపోతున్నానేమో అనిపిస్తుంది. అనిపించనీ.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2006లో కాలేజీ విద్యార్థుల మీద ప్రయోగం చేశారు. ఒక గుంపు ఒక పాఠాన్ని సగటున 14 సార్లు చదివింది. ఇంకో గుంపు మూడు నాలుగుసార్లే చదివి, మిగతా సమయంలో మూడుసార్లు పాఠం చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతానికి 71. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది. 14 సార్లు చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 61. ఇంకో సంగతి ఉంది. వారం తర్వాత ఎంత గుర్తుంటుందని ముందే అడిగితే, ఎక్కువ ధైర్యంగా చెప్పింది చదివిన గుంపే. నువ్వు ఐదుసార్లు పూర్తిచేసిన ధైర్యంతో పరీక్ష హాల్లోకి వెళ్లి బిత్తరపోయావే, సరిగ్గా అదే.

ఈ పద్ధతి పనిచేయని చోటు కూడా చెప్తాను. అర్థమే కాలేదన్న ఆ 16 ప్రశ్నల చాప్టర్లకు తెల్లకాగితం పెట్టకు. లోపల లేనిది బయటికి రాదు. వాటిని లెక్చరర్ దగ్గర కూర్చుని అడిగి చెప్పించుకో, తర్వాతే రాయడం. దిద్దకుండా వదిలేసినా ప్రమాదమే, తప్పు రాసిన 104 అలాగే గట్టిపడుతుంది. రాసిన పూటే ఎర్ర పెన్ను పడాలి.

ఇక ఫిజిక్స్‌లో పోయిన 12. కొండ మీంచి దొర్లే ఘన గోళం వేగం అడిగితే నువ్వు v = √(2gh) వేశావు. అది ఘర్షణ లేకుండా జారే దిమ్మెకు. దొర్లే గోళం శక్తిలో కొంత భ్రమణానికి పోతుంది, అందుకే v = √(10gh/7). రెండూ నీకు వచ్చు, మీ నోట్సులో రెండూ ఉన్నాయి. కానీ నువ్వు రొటేషన్ చాప్టర్ లెక్కలన్నీ ఒకే రోజు, పని-శక్తి లెక్కలన్నీ ఇంకో రోజు చేశావు. ఆ రోజు ఏ ఫార్ములా వాడాలో చాప్టర్ పేరే చెప్పేస్తుంది. పేపర్లో చాప్టర్ పేరు ఉండదు కదా. ఇకనుంచి సాయంత్రం లెక్కలు ఇరవై తీసుకుంటే, నాలుగు చాప్టర్ల నుంచి కలిపి తీసుకో. చేసేముందు ప్రతి లెక్క పక్కన ‘ఇది ఏ సూత్రం, ఎందుకు’ అని నాలుగు మాటలు రాయి. మొదటి వారం ఇరవైలో పదికూడా రాకపోవచ్చు. విడివిడిగా చేసినప్పుడు పదిహేడు వచ్చేవి కాబట్టి ఏడుపొస్తుంది. ఆ పదిహేడులో చాలావాటికి సూత్రం ఎంచుకునే పని నువ్వు చేయలేదు, ఆ పని ఇప్పుడు మొదలుపెట్టావు.

ఈ తర్వాతిది మీ నాన్నగారికి చదివి వినిపించు.

అయ్యా, రోజుకో మాక్ అనే మాట ఇప్పుడు తిరుపతిలో ప్రతి హాస్టల్లోనూ వినిపిస్తోంది. నాకు దాని మీద నమ్మకం లేదు. మాక్ రాయడానికి మూడు గంటలు. దాన్ని నిజంగా విప్పి చూడాలంటే ఆరేడు గంటలు పడుతుంది. రోజూ రాసే పిల్లకు ఆ ఆరేడు గంటలు ఎక్కడినుంచి వస్తాయి? అందుకే మార్కులు చూసుకుని, కీ పేపర్ మీద టిక్కులు పెట్టుకుని, మర్నాడు అవే తప్పులు ఇంకో రంగు పేపర్లో చేస్తారు. జ్వరం వచ్చిన బిడ్డకు గంటగంటకూ థర్మామీటర్ పెడితే జ్వరం తగ్గదు. మీ అమ్మాయికి మొన్న వచ్చిన పేపర్లోనే పది రోజుల పని ఉంది. ఇంకో సిరీస్ కొంటే ఆ పని మరుగున పడిపోతుంది.

రాత్రిపూట ‘ఒక్క వీడియోలో మొత్తం చాప్టర్’ చూడమని కూడా మీరే చెప్తున్నారట. ఆరు గంటల వీడియోలో మాట్లాడేదీ, గుర్తుతెచ్చుకునేదీ చెప్పే మనిషే. పిల్ల చూస్తూ తల ఊపుతుంది, అది ఆరోసారి పుస్తకం చదవడమే. అర్థంకాని ఒక టాపిక్ కోసం ఇరవై నిమిషాలు చూడనివ్వండి, అభ్యంతరం లేదు.

ఇంకోమాట కటువుగానే చెప్పాలి. 268 అనగానే మీరు మేనమామ కొడుకు మార్కులు చెప్పారట. ఆ రాత్రి ఆ పిల్ల పుస్తకం ముందు మూడు గంటలు కూర్చుంది, ఒక్క పేజీ తిప్పలేదు. ఆ మూడు గంటలు మీ మాటకు పోయాయండీ. ఇక మీదట ‘ఎన్ని వచ్చాయి’ అని అడగొద్దు, ‘తప్పుల నోట్‌బుక్ చూపించు’ అని అడగండి. నిద్ర నాలుగు గంటలకు కుదించమన్న సలహా కూడా వెనక్కి తీసుకోండి. పగలు నేర్చుకున్నది నిలబడేది నిద్రలోనే. ఆరున్నర, ఏడు గంటలు పడుకోనివ్వండి.

అమ్మా, మళ్లీ నీకే. ఎస్వీ మెడికల్ కాలేజీ గేటు ముందునుంచి బస్సు వెళ్తే తల తిప్పుకుంటున్నానన్నావు. తిప్పుకోకు. ఒక లెక్క చెప్తాను. ఒక తప్పు ఒప్పైతే పోయిన ఒకటి ఆగి, రావాల్సిన నాలుగు వస్తాయి, అంటే ఐదు మార్కుల తేడా. నీ ఆ 31లో 20 నిలబెట్టుకుంటే 100 మార్కులు. ‘సరికానిది’ అన్న పదం కింద గీత గీసే అలవాటుతో ఆ 9లో ఆరేడు వచ్చినా ఇంకో 30. ఇవి రెండూ కొత్త పాఠం ఒక్కటి కూడా నేర్చుకోకుండా వచ్చేవి. సీటు వస్తుందని ఈ అంకెల్ని బట్టి నేను హామీ ఇవ్వను, కటాఫ్ ప్రతి ఏడూ మారుతుంది. చదువు కదులుతోందో లేదో మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

వారానికి ఒక్క మాక్ చాలు, ఆదివారం, అసలు పరీక్ష వేళకే, మధ్యాహ్నం రెండింటికి కూర్చో. సోమవారం మొత్తం దాన్ని విప్పడానికే. తప్పుల్ని ఆ నాలుగు గుంపుల్లోకీ విడదీసి, ప్రతి తప్పు మీదా ఒక వాక్యం రాయి. ‘పేజీ గుర్తుంది, జవాబు రాలేదు’ అన్న గుంపు మూడో మాక్‌కి 31 నుంచి ఇరవై లోపుకి దిగాలి. దిగకపోతే నువ్వు రాసినవాటిని దిద్దడం లేదనో, మూడు రోజుల తర్వాత మళ్లీ రాయడం మానేశావనో అర్థం. అప్పుడు ఏ చాప్టర్లలో ఎన్నిసార్లు తెల్లకాగితం పెట్టావో తేదీలతో రాసి నాకు పంపు. మార్కులు పంపకపోయినా ఫర్వాలేదు.