కాంక్రీట్ మీద లామినేట్: పాలిథీన్ ముక్క కింద పొడిగా ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: తిరుపతిలో కొత్త ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్ బెడ్‌రూమ్. 11 అడుగుల 6 అంగుళాల వెడల్పు, 14 అడుగుల పొడవు. 4 అంగుళాల కాంక్రీట్ వేసి రెండు నెలలైంది. 8 మి.మీ. లామినేట్ వేయిద్దామనుకుంటున్నాం. రాత్రి పాలిథీన్ ముక్క అతికించి పొద్దున చూస్తే పొడిగానే ఉంది. షాపులో తెల్ల ఫోమ్ ఒక్కటి చాలంటున్నారు. గోడకు ఆనించి బిగిస్తే నీట్‌గా ఉంటుందని కార్పెంటర్ అంటున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: ఇద్దరి మాటా వినకండి, పాలిథీన్ ముక్క మాట కూడా సగమే నమ్మండి.

ఆ పరీక్షను 18 అంగుళాల చదరం పాలిథీన్‌తో చేయాలి. నాలుగు వైపులా గాలి దూరకుండా టేప్ వేసి కనీసం 16 గంటలు ఉంచాలి. తీసి చూస్తే షీట్ లోపల చెమట పట్టినా, కింద కాంక్రీట్ చుట్టూ ఉన్నదానికంటే నల్లబడినా తేమ ఉన్నట్టే. కానీ పొడిగా కనబడినంత మాత్రాన లోపల ఆరినట్టు కాదు. మన ఎండలకు, తెరిచిన కిటికీలకు పైన అర అంగుళం తొందరగా ఆరిపోతుంది, అడుగున మాత్రం పచ్చిగానే ఉంటుంది. పైన ఏదైనా కప్పేస్తే ఆవిరి బయటికి పోయే దారి మూసుకుంటుంది, అడుగు తేమ నెమ్మదిగా పైకి వచ్చి మందమంతా సమానంగా సర్దుకుంటుంది. ఆ కప్పే వస్తువు రేపు మీ లామినేటే. ఒక్క రాత్రిలో ఈ సంగతి బయటపడదు.

కాంక్రీట్ అంగుళానికి సుమారు ఒక నెల చొప్పున ఆరుతుందని లెక్క వేస్తాం. అంటే మీ 4 అంగుళాలకు నాలుగు నెలలు కావాలి, మీరు సగం దారిలో ఉన్నారు. ఖాయంగా తెలియాలంటే కాంక్రీట్‌లో రంధ్రం వేసి తేమ ప్రోబ్ పెట్టించండి. నేల మీద వేసిన కాంక్రీట్ పైవైపే ఆరుతుంది కాబట్టి రంధ్రం మందంలో 40 శాతం లోతు ఉండాలి, మీకు 40 మి.మీ. అవుతుంది. ఆ రంధ్రం మూసి ఒక రోజు ఆగాక రీడింగ్ తీస్తారు. చాలా లామినేట్ కంపెనీలు రంధ్రంలోని గాలి సాపేక్ష తేమ 75 శాతం లోపు ఉండాలంటాయి. మీ పెట్టెలోని కాగితంలో ఎంతుందో చూసి దాన్నే పట్టుకోండి. ప్రోబ్ ఉన్నవాళ్లు దొరక్కపోతే మిగతా రెండు నెలలు ఆగి, బయటి గోడ పక్కన, బాత్‌రూమ్ గోడ పక్కన, గది మధ్యలో మూడు షీట్లు అతికించి చూడండి. ఈలోపు ఆ గదిలో నీళ్లు పోసి కడిగారంటే లెక్క మళ్లీ వెనక్కి పోతుంది.

కాంక్రీట్ పూర్తిగా ఆరినా గ్రౌండ్ ఫ్లోర్‌లో పాలిథీన్ షీట్ మానకూడదు. పోసినప్పటి నీళ్లు ఆరిపోతాయి, నేల నుంచి వచ్చే తేమ మాత్రం ఏటా వస్తుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మే నెలలో పొడిగా కనిపించిన గచ్చు నవంబరులో అలాగే ఉంటుందనుకోవద్దు. తెల్ల ఫోమ్ చాలనడంలో తిరకాసు ఇక్కడే ఉంది. అది నడిచేటప్పుడు చప్పుడు తగ్గించడానికి, చిన్న ఎగుడుదిగుడులు సర్దడానికి. రోల్‌కూ రోల్‌కూ మధ్య అతుకుల్లోంచి ఆవిరి హాయిగా పైకి వస్తుంది.

కాబట్టి ముందు 200 మైక్రాన్ల షీట్ వేయండి. షాపులో 800 గేజ్ అని అడిగితే ఇస్తారు. ఒక పట్టీ మీద ఇంకోటి 8 అంగుళాలు ఎక్కాలి, అతుకు పొడవునా టేప్ పడాలి, గోడల దగ్గర 2 అంగుళాలు పైకి మడవాలి. ఆ మిగులును స్కర్టింగ్ కొట్టే ముందు కోసేయొచ్చు. దాని మీద 2 లేదా 3 మి.మీ. ఫోమ్, అంచులు ఒకదానికొకటి తాకేలా, ఒకదానిపై ఒకటి ఎక్కకుండా. మెత్తగా ఉంటుందని 5 మి.మీ. వేయించకండి, అడుగు వేసినప్పుడల్లా పలక కిందికి దిగి, పక్క పలకతో కలిపే లాక్ విరుగుతుంది. ఒక సంగతి: షీట్ ఆవిరినే ఆపుతుంది. బాత్‌రూమ్ గోడలోంచి నీళ్లు కారుతుంటే ముందు ఆ లీకేజీ సరిచేయించాలి.

ఇవన్నీ పరిచే ముందు 2 మీటర్ల అల్యూమినియం పట్టీ పెట్టి చూడండి. కింద సందు 3 మి.మీ. దాటితే ఎత్తు ఉన్నచోట గ్రైండ్ చేయించాలి, గుంట ఉన్నచోట లెవెలింగ్ కాంపౌండ్ పోయించాలి. కాంపౌండ్‌లోనూ నీళ్లుంటాయి, అది ఆరేదాకా ఆగాలి. లామినేట్ పెట్టెలు విప్పకుండా అదే గదిలో రెండు రోజులు పడుకోబెట్టి ఉంచండి.

ఇక గోడకు ఆనించడం. లామినేట్ లోపల ఉండేది నొక్కిన చెక్కపీచు పలక. గాలిలో తేమ పెరిగితే సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. మీటరుకు 1.5 మి.మీ. దాకా అనుకుంటే మీ వెడల్పులో 5 మి.మీ. పైనే. ఇది గచ్చుకు అతకని, తేలుతూ ఉండే ఫ్లోర్. సాగడానికి చోటు లేకపోతే మధ్యలో పైకి లేస్తుంది. అందుకే నాలుగు గోడల దగ్గరా 10 మి.మీ. వదలాలి.

మీ గదికే లెక్క కడదాం. వెడల్పు 3505 మి.మీ. రెండు పక్కలా 10 తీసేస్తే 3485. పలక వెడల్పు 193 అనుకుంటే 18 వరుసలకు 3474 అవుతుంది, చివర 11 మి.మీ. మిగులుతుంది. ఆ 11 మి.మీ. పీలిక నిలవదు. అలా కాకుండా 17 నిండు వరుసలు మధ్యలో ఉంచి, మొదటి, చివరి వరుసలను 102 మి.మీ.కి కోయించండి. మొత్తం సరిగ్గా 3485 వస్తుంది, రెండు వైపులా అంచులూ ఒకేలా కనిపిస్తాయి. పని మొదలయ్యే ముందే ఈ లెక్క కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. గది 161 చదరపు అడుగులు, వృథా కలిపి 177 దాకా తీసుకోండి.

10 మి.మీ. వదిలాక దాన్ని వైట్ సిమెంట్‌తో నింపితే వదలనట్టే. స్కర్టింగ్ గోడకే కొట్టాలి, పలకకు మేకు తగలకూడదు. గడప దగ్గర కూడా అదే సందు వదిలి, దాన్ని కప్పే టీ ప్రొఫైల్ పట్టీని కాంక్రీట్‌కు మాత్రమే బిగించాలి. గోడ అల్మరా ముందే కట్టించి ఫ్లోర్‌ను అదే సందు వదిలి దాని ముందు ఆపండి. బరువైన అల్మరా ఫ్లోర్ మీద కూర్చుంటే ఒక వైపు మేకు కొట్టినట్టే.

తర్వాత ఏదైనా తేడా వస్తే రెండు రకాలుగా కనిపిస్తుంది. గది మధ్యలో పలకలు పైకి లేచి, కాలు పెడితే కిందికి దిగుతూ ఉంటే సందు లేనట్టు. ఆ వైపు స్కర్టింగ్ తీసి, గోడకు తగిలే అంచును మల్టీటూల్‌తో 10 మి.మీ. కోస్తే కొద్ది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. అతుకుల అంచులు ఉబ్బి గరుకుగా ఉంటే అది తేమ. ఉబ్బిన పలక మళ్లీ చదును కాదు. అది బాత్‌రూమ్ తలుపు దగ్గర ఒక్కచోటే ఉంటే పైన పడిన నీళ్లు, ఆ పలకలు మార్చి తడిగుడ్డ బాగా పిండి తుడవడం అలవాటు చేసుకుంటే చాలు. గదంతా ఉంటే కింది నుంచి వస్తున్న తేమ, పలకలన్నీ ఎత్తి షీట్ వేయక తప్పదు.